బఖ్తినే ఎందుకు? ఒక వైవా జవాబు తయారైన తీరు

సిద్ధాంత గ్రంథం సమర్పించిన కొన్ని నెలలకు బయటి పరీక్షకుల నివేదికలు వచ్చాయి. రెండూ అనుకూలమే, వైవా పెట్టవచ్చని రాశారు. ఒక నివేదిక చివర మాత్రం, వైవాలో అభ్యర్థి జవాబు చెప్పాలంటూ ఒక ప్రశ్న ఉంది. కన్యాశుల్కం వలస పాలనలో పుట్టిన నాటకం, గిరీశం ఇంగ్లీషును అనుకరించి బతికే మనిషి, అలాంటప్పుడు హోమీ భాభా చెప్పిన మిమిక్రీ సిద్ధాంతాన్ని పక్కనబెట్టి రష్యన్ విమర్శకుడు బఖ్తిన్‌ని ఎందుకు ఎంచుకున్నారు? ఇదీ ఆ ప్రశ్న.

మా విద్యార్థిని ఆ కాగితం పట్టుకుని వచ్చింది. "మేడం, ఇది ఒక్కటే భయంగా ఉంది" అంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. సిద్ధాంతం ఎంపిక గురించి పరిశోధకులు గ్రంథంలో ఒక పేజీ రాస్తారు, ఆ పేజీలో తాము ఎంచుకున్నదాని గొప్ప చెబుతారు. ఎంచుకోని దాని మాట ఎక్కడా ఉండదు. నా వైవాలో నేను దెబ్బతిన్నదీ అక్కడే. "అది కాకుండా ఇదెందుకమ్మా?" అని ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగితే, నేను ఎంచుకున్న సిద్ధాంతం ఎప్పుడు పుట్టిందో, ఎవరెవరు దాన్ని పెంచారో పది నిమిషాలు చెప్పాను. ఆయన విని, "మీరు చెప్పింది ఇదేమిటో, నేను అడిగింది ఇదెందుకని" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ జవాబును పది రోజులు కూర్చుని తయారుచేశాం. ఆ పని ఎలా సాగిందో వరసగా చెబుతాను.

మొదటిరోజు ఆమెను ఏమీ చదవవద్దన్నాను. తోచిన జవాబు ఒక పేజీ రాసి తెమ్మన్నాను. తెచ్చింది. అందులో బఖ్తిన్ పేరు పదకొండుసార్లు ఉంది, గిరీశం పేరు రెండుసార్లు, మధురవాణి పేరు అసలు లేదు. సిద్ధాంతకర్త పేరు పాత్రల పేర్లకంటే ఎక్కువసార్లు వచ్చిందంటే ఆ జవాబు నాటకం నుంచి పుట్టలేదన్నమాట. ఈ లెక్క ఎవరికివారు పెన్సిల్‌తో సున్నాలు చుట్టి చూసుకోవచ్చు. ఆ పేజీలో ఇంకో తప్పు కూడా ఉంది. "భాభా సిద్ధాంతం మన సాహిత్యానికి వర్తించదు" అని ఒక వాక్యం. ఎందుకు వర్తించదో లేదు. పరీక్షకుడు ఆ వాక్యం వింటే ఒక్కటే అడుగుతాడు: "భాభా మీరు చదివారా?" ఆమె చదివింది భాభా మీద ఎవరో రాసిన పరిచయ వ్యాసం.

కాబట్టి రెండోరోజు నుంచి నాలుగోరోజు దాకా పని భాభాని చదవడమే. కాదన్నదాన్ని కాదనడానికి ముందు, దాన్ని నమ్మేవాళ్లు మెచ్చుకునేలా చెప్పగలగాలి. 1984లో వచ్చిన మిమిక్రీ వ్యాసం, 1985లో వచ్చిన 'సైన్స్ టేకెన్ ఫర్ వండర్స్', రెండూ 1994 నాటి 'ద లొకేషన్ ఆఫ్ కల్చర్' పుస్తకంలో ఉన్నాయి. రెండూ కష్టమైన వ్యాసాలే. రోజుకు నాలుగైదు పేజీలు చదివి, చదివింది తెలుగులో తనకు తాను చెప్పుకోవాలని నియమం పెట్టుకున్నాం. 'మిమిక్రీ' అన్న మాటతోనే చిక్కు మొదలైంది. మన దగ్గర మిమిక్రీ అంటే నేరెళ్ల వేణుమాధవ్ గారి కళ గుర్తొస్తుంది. భాభా చెప్పేది అది కాదు. పాలకుడు తనలాంటి మనిషిని వలసలో తయారుచేసుకోవాలనుకుంటాడు. అయితే పూర్తిగా తనలా అయిపోతే తన ఆధిక్యం పోతుంది, కనుక దాదాపు తనలాగే ఉండి, పూర్తిగా కాకుండా ఆగిపోవాలి. ఆ కాస్త తేడాలోనే పాలకుడికి ముప్పు ఉంది, ఎందుకంటే నకలును చూసినప్పుడు అసలు కూడా ఒక వేషమేనేమో అన్న అనుమానం పుడుతుంది. ఆమె ఈ మూడు వాక్యాలకు రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చాక మొహం మారింది. "మేడం, ఇది గిరీశమే కదా!" అంది.

ఔను, గిరీశమే. ఆ మాట ఆమె వైవా గదిలో కాకుండా నా ముందు అనుకోవడం మంచిదైంది. కాదన్న సిద్ధాంతం ఎంత బలమైనదో తెలిసి భయపడటం ఈ తయారీలో తప్పనిసరి మజిలీ.

అయిదోరోజు ఒక దృశ్యం తీసుకుని రెండు సిద్ధాంతాలనూ దానిమీద నడిపించాం. సిద్ధాంతాన్ని సిద్ధాంతంతో పోలిస్తే వాదన తేలదు. ఒకే దృశ్యం, రెండు చదువులు, ఒక్కోటి ఒక్కో పేజీ, ఆపైన ఏది దేన్ని వివరించలేక వదిలేసిందో చూడటం. దృశ్యం ఎంపికలో కూడా నిజాయితీ కావాలి. మన సిద్ధాంతానికి అనుకూలమైనది తీసుకుంటే పరీక్షకుడు రెండో సిద్ధాంతానికి అనుకూలమైనది తీస్తాడు. అందుకని భాభాకి బాగా కలిసొచ్చే దృశ్యాన్నే ఎంచుకున్నాం: రెండో అంకంలో, కృష్ణరాయపురం అగ్రహారంలో, గిరీశం వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకునే చోటు.

దృశ్యం తెలియని తెలుగు పాఠకులు తక్కువే, అయినా దగ్గరగా చూద్దాం. కొడుకు ఇంగ్లీషు మాట్లాడుతుంటే వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. గిరీశం, వెంకటేశం మొదలుపెడతారు. గిరీశం చిన్నపిల్లల నక్షత్రం పాట ఎత్తుకుంటాడు. వెంకటేశం వాచకంలోంచి ఒక వాక్యం అప్పజెబుతాడు. గిరీశం ఇంకో బడిపద్యం చదువుతాడు. వెంకటేశం రేఖాగణితం నుంచి ఒక ప్రతిపాదన, అదీ వంకరటింకరగా. గిరీశం మిల్టన్ మహాకావ్యం మొదటి పాదాన్ని మామిడిచెట్టు మీదికి మళ్లిస్తాడు. వెంకటేశం ఏకవచనం బహువచనంగా మారే వ్యాకరణ సూత్రం చెబుతాడు. ఒక మాటకు ఇంకో మాటతో సంబంధం లేదు. తండ్రి అగ్నిహోత్రావధానులు ఈ మాటలకు అర్థమేమిటని అడుగుతాడు. సెలవుల్లో ఏ పుస్తకాలు చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం సర్దిచెబుతాడు.

భాభా వైపు పేజీ ఆమే రాసింది, చాలా బాగా రాసింది. మెకాలే 1835లో కలగన్న చదువు ఇక్కడ ముక్కలు ముక్కలై తిరిగొచ్చింది. మిల్టన్, యూక్లిడ్, వ్యాకరణం, ఈ మూడూ పాలకుడి జ్ఞానానికి మూడు స్తంభాలు. ఇవి ఒక అగ్రహారం ఇంట్లో అర్థం పోగొట్టుకుని ఉత్త చప్పుడుగా మిగిలాయి. 1985 వ్యాసంలో భాభా 1817లో ఢిల్లీ బయట చెట్ల కింద కూర్చుని బైబిల్ చదువుతున్న జనం గురించి రాస్తాడు. ఇంగ్లీషు పుస్తకం వాళ్ల చేతుల్లో పడి, ఇచ్చినవాళ్లు అనుకోని అర్థం తెచ్చుకుంటుంది. కృష్ణరాయపురంలోనూ అదే జరిగిందని వాదించవచ్చు. ఆ పేజీ చదివి నేను, "పరీక్షకుడు ఇది చెబితే ఏమంటావు?" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు ఆ పేజీ వదిలేసినవేమిటో వెతకడం మొదలుపెట్టాం. మొదటిది వినేవాళ్లు. ఆ ముక్కలు విన్నవాళ్లందరికీ ఒకేలా వినిపించలేదు. తల్లికి అవి కొడుకు ప్రయోజకత్వం. తండ్రికి అర్థంలేని అడ్డగోలు కూతలు. పరీక్ష పోయిన వెంకటేశానికి పరువు కాపాడుకునే దారి. గిరీశానికి ఆ ఇంట్లో మకాం. మాట ఒకటే, విలువలు నాలుగు. భాభా చదువులో ఒక జోడీయే కీలకం, పాలకుడు, పాలితుడు. మిమిక్రీ వ్యాసం ఆధారపడిన రచనల్లో ఎక్కువభాగం ఇంగ్లీషు అధికారులు, మిషనరీలు రాసినవి. నకలును చూసి కలవరపడే చూపు పాలకుడిది. కన్యాశుల్కం ప్రధాన పాత్రల్లో తెల్లదొర ఒక్కడూ లేడు. గిరీశం ఇంగ్లీషు దొరను ఉద్దేశించింది కాదు, తెలుగువాళ్ల మీద ప్రయోగించింది. ఆ మాటలవల్ల ఇంగ్లీషు అధికారం తల్లి ముందు తగ్గకపోగా పెరిగింది.

ఇది మంచి వాదనే, కానీ సరిపోదు. భాభా పక్షంవాళ్లు "దొర ఎదురుగా లేకపోయినా దొర అధికారం ఉంది కదా" అంటారు, అనవచ్చు కూడా. వాదన నిలబడాలంటే ఇంకొకటి కావాలి. అది ఆరోరోజు సాయంత్రం ఆమెకే దొరికింది. నాటకం పేజీలు తిరగేస్తూ, "మేడం, ఇదే పని ఇంగ్లీషు లేకుండా కూడా జరుగుతోంది" అంది.

నాటకమంతా చూస్తే సంగతి అదే. సిద్ధాంతి శాస్త్రం మాటలు చెప్పి పెళ్లి ఇంట్లో పనులు చక్కబెడతాడు. పూజారి గవరయ్య మంత్రాల భాషతో దయ్యాన్ని సీసాలో పట్టానంటాడు. బైరాగి హరిద్వారం కబుర్లతో సారా దుకాణంలో గురువైపోతాడు. రామప్పంతులు కచేరీ వ్యవహారాల భాషతో జనాన్ని హడలగొడతాడు. వినేవాడికి సగమే అర్థమయ్యే భాష, ఆ అర్థంకానితనం మీద నిలబడిన పెత్తనం, ఆ పెత్తనం మీద బతికే మనిషి. ఈ పని సంస్కృతమూ చేస్తోంది, మంత్రమూ చేస్తోంది, కచేరీ భాషా చేస్తోంది, ఇంగ్లీషూ చేస్తోంది. మిమిక్రీతో చదివితే గిరీశానికి ఒక వివరణ, గవరయ్యకు ఇంకో వివరణ వెతుక్కోవాలి. బఖ్తిన్‌తో చదివితే రెంటికీ ఒకటే సరిపోతుంది. 1934-35లో రాసిన నవలా భాష వ్యాసంలో ఆయన చెప్పింది ఇదే. ఒక భాష అనేది నిజానికి అనేక భాషల గుంపు, వృత్తిది ఒకటి, కులానిది ఒకటి, కచేరీది ఒకటి, గుడిది ఒకటి. వాటిలో కొన్ని ప్రశ్నించడానికి వీల్లేని పెద్దరికంతో వస్తాయి. ఆ పెద్దరికపు భాషను ఇంకొకడు తన అవసరానికి వాడుకున్నప్పుడు ఒకే మాటలో ఇద్దరి గొంతులు వినిపిస్తాయి. దీన్నే ఆయన హెటిరోగ్లాసియా అన్నాడు, రెండు గొంతుల మాట అన్నాడు.

ఇదే ఈ జవాబుకు నడుం. ఎంచుకున్న సిద్ధాంతం కాదన్నదానికంటే గొప్పదని రుజువు చెయ్యనక్కర్లేదు. గ్రంథం అడిగిన ప్రశ్నకు ఏది పూర్తిగా పనికొచ్చిందో చూపిస్తే చాలు. ఆమె గ్రంథం అడిగిన ప్రశ్న కన్యాశుల్కంలో భాషలు ఒకదానిమీద ఒకటి ఎలా పెత్తనం చేస్తాయి అన్నది. ఇంగ్లీషు పాలన గిరీశాన్ని ఎలా తయారుచేసింది అన్నది కాదు. ఈ తేడాను ఆమె అయిదేళ్లు లోపల మోసింది. మాటల్లో పెట్టింది మాత్రం ఆ సాయంత్రమే.

ఏడోరోజు మన సిద్ధాంతం మీద మనమే దాడి చేసుకోవాలి. ఇది అందరూ తప్పించుకునే పని. బఖ్తిన్ విషయంలో దాడి బఖ్తినే సిద్ధం చేసిపెట్టాడు. దోస్తోయెవ్‌స్కీ మీద 1929లో వచ్చి, 1963లో తిరగరాసి వేసిన పుస్తకంలో ఆయన నాటకం గురించి మాట్లాడతాడు. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ బహుస్వరత ఉందని లునచార్‌స్కీ అంటే, బీజాలు ఉండవచ్చుగానీ నాటకం స్వభావరీత్యా అసలైన బహుస్వరతకు చోటివ్వదని బఖ్తిన్ జవాబిస్తాడు. నాటకంలో పాత్రలు ఎన్ని మాట్లాడినా వాటిని కలిపి పట్టుకునే లోకం ఒకటే ఉంటుందని ఆయన వాదం. అంటే మా విద్యార్థిని ఒక నాటకం మీద ఎవరి సిద్ధాంతాన్ని నడిపిందో ఆయనే నాటకానికి అది కుదరదన్నాడు. ఈ ప్రశ్న వేసే పరీక్షకుడు తప్పకుండా ఉంటాడు.

ఆమె గ్రంథంలో నాలుగో అధ్యాయం శీర్షికలోనే 'బహుస్వరత' ఉంది. అధ్యాయమంతా వెతికితే చాలాచోట్ల వచ్చింది. ప్రతిచోటా ఆపి, ఇక్కడ నువ్వు చెప్పింది ఏమిటని అడిగాను. ఒకటి రెండు చోట్ల తప్ప ఆమె చెప్పింది హెటిరోగ్లాసియా గురించి, అంటే ఒక మాటలో పలు భాషలు కలిసి ఉండటం గురించి. బహుస్వరత అన్నది వేరు. పాత్రల గొంతులు రచయిత గొంతుతో సమానంగా, దేనికీ చివరి తీర్పు లేకుండా నిలబడటం అది. బఖ్తిన్ నాటకానికి కాదన్నది ముఖ్యంగా రెండోదాన్ని. ఆమె గ్రంథానికి కావలసింది మొదటిది. ఇంత స్పష్టమైన తేడా ఉండగా ఆ పదం ఎందుకు వాడావంటే, "వినడానికి బాగుంటుందని" అంది. నిజం చెప్పింది. తెలుగు విమర్శలో ఈ రెండు పదాలనూ ఒకదానికొకటి మార్చి వాడటం అలవాటైపోయింది, ఆమెను ఒక్కదాన్నే అనలేం.

దీనికి జవాబు దాచుకోవడం కాదు. వైవాలో ముందుగా తనే ఒప్పుకోవాలని నిర్ణయించాం. "నాలుగో అధ్యాయంలో ఈ పదాన్ని సడలించి వాడాను, తుది ప్రతిలో సరిచేస్తాను, నా వాదనకు కావలసింది ఇది కాదు, ఇది" అని రెండు వాక్యాలు. సవరించాల్సిన పేజీల జాబితా చేతిలో ఉండాలి. అడిగాక ఒప్పుకోవడానికీ అడగకముందే చూపించడానికీ చాలా తేడా ఉంది.

ఇక్కడ ఆమె ఒక ఎదురువాదం తెచ్చింది. నాటకం చివర్లో సౌజన్యారావు పంతులు సంస్కర్తగా నిలబడినా, ఆఖరి మాట ఆయనది కాదు, గిరీశానిది. అంటే గురజాడ తీర్పు చెప్పకుండా వదిలాడు, కాబట్టి బహుస్వరత ఉందని చెప్పవచ్చు కదా అని. ఆలోచించదగ్గ సంగతే. అయితే ఆఖరి మాట ఎవరిదన్నదొక్కటే చాలదు. గిరీశం ఆ మాట అనేసరికి ఓడిపోయి ఉన్నాడు, ప్రేక్షకుడికి తీర్పు తెలిసిపోయింది. ఈ వాదన జేబులో ఉంచుకొమ్మన్నాను, అడిగితే తియ్యమన్నాను, దానిమీద బరువు పెట్టవద్దన్నాను. చేతికొచ్చిన ప్రతి మంచి పాయింటూ జవాబులో పెట్టాలన్న ఆత్రం జవాబును చంపేస్తుంది.

ఎనిమిదోరోజు ఆమెకు నచ్చని పని చెప్పాను. కాదన్న సిద్ధాంతం ఎక్కడ గెలుస్తుందో చెప్పమన్నాను. "మనం ఎందుకు చెప్పాలి మేడం?" అంది. ఎక్కడా గెలవదని అన్నావంటే నువ్వు దాన్ని చదవలేదని అనుకుంటారు. ఎక్కడ గెలుస్తుందో కచ్చితంగా చెబితే, ఇక్కడ ఎందుకు పక్కన పెట్టావో వాళ్లే నమ్ముతారు.

ఆ చోటు కన్యాశుల్కం పుస్తకంలోనే ఉంది. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు గురజాడ పీఠిక ఇంగ్లీషులో రాశాడు. పుస్తకం విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితం. తెలుగు వాడుకభాషలో నాటకం రాసి, దాన్ని సమర్థిస్తూ పాలకుల భాషలో పీఠిక రాశాడు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ల ముందు తెలుగు నాటకం తనను తాను ఎలా నిలబెట్టుకుంది, సంస్కరణ గురించి చెప్పడానికి ఆ భాషే ఎందుకు కావలసి వచ్చింది అన్న ప్రశ్నకు బఖ్తిన్‌కంటే భాభా ఎక్కువ పనికొస్తాడు. ఎందుకంటే అక్కడ పాలకుడి చూపు నిజంగానే ఎదురుగా ఉంది. ఆమె గ్రంథం పీఠిక మీద కాదు, 1909లో ఎంతో పెంచి తిరగరాసిన రెండో కూర్పులోని సంభాషణల మీద. కూర్పు సంగతి కూడా జవాబులోనే చెప్పాలి. ఏ కూర్పు అన్నది చెప్పకుండా కన్యాశుల్కం మీద మాట్లాడితే గురజాడ చదివిన పరీక్షకుడు అక్కడే ఆపుతాడు.

"రెండు సిద్ధాంతాలూ కలిపి వాడవచ్చు కదా" అన్న ప్రశ్న మిగిలింది. ఇది మెత్తగా కనిపించి పడగొట్టే ప్రశ్న. అవును అంటే ఎందుకు వాడలేదంటారు, కాదంటే సంకుచితమంటారు. మా ఇంగ్లీషు సంభాషణ దృశ్యమే ఇక్కడా ఆదుకుంది. భాభా ప్రకారం ఆ దృశ్యంలో పలచబడింది ఇంగ్లీషు అధికారం. బఖ్తిన్ ప్రకారం బయటపడింది ఏ పెద్దరికపు భాషకైనా వినేవాళ్ల అజ్ఞానం మీద ఉన్న ఆధారం. ఈ రెండు నిర్ణయాలూ ఒకే ముగింపులో ఇమడవు. కలిపితే ఆ అధ్యాయానికి రెండు ముగింపులొస్తాయి. అందుకని ఒకదాన్ని వాదనకు వాడి, రెండోదాన్ని ఆ వాదన హద్దు చూపడానికి వాడామని జవాబు.

తొమ్మిదోరోజు రాత అయింది. గడియారం పెట్టుకుని చదివితే ఆమె నిమిషానికి సుమారు నూరు మాటలు పలుకుతోంది. మూడు నిమిషాలు దాటితే వినేవాళ్లు మధ్యలో ఆపుతారు. కాబట్టి మూడువందల మాటల లోపు ఉండాలి, మొదటి మూడు వాక్యాల్లోనే అసలు జవాబు వచ్చెయ్యాలి, అక్కడే ఆపేసినా నష్టం ఉండకూడదు. ఆమె రాసుకున్నది ఇది:

"నా గ్రంథం ప్రశ్న గిరీశాన్ని ఇంగ్లీషు పాలన ఎలా తయారుచేసిందన్నది కాదండి. కన్యాశుల్కంలో ఒక భాష ఇంకో భాష మీద ఎలా పెత్తనం చేస్తుందన్నది. ఆ పని నాటకంలో ఇంగ్లీషు ఒక్కటే కాదు, శాస్త్రం, మంత్రం, కచేరీ భాష కూడా చేస్తున్నాయి గనక, వాటన్నిటినీ ఒకే చూపుతో చూడగల బఖ్తిన్‌ని తీసుకున్నాను. భాభాని కాదనడానికి ముందు, 1909 కూర్పు రెండో అంకంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడే చోట ఆయన సిద్ధాంతాన్ని ప్రయోగించి చూశాను. మిల్టన్, రేఖాగణితం, వ్యాకరణం ముక్కలైపోవడాన్ని ఆ సిద్ధాంతం నాకంటే బాగా వివరిస్తుంది. అయితే ఆ ముక్కలు వెంకమ్మకు గొప్పగా, అవధానులకు అడ్డగోలుగా ఎందుకు వినిపించాయో దానితో తేలలేదు. గవరయ్య మంత్రానికీ గిరీశం ఇంగ్లీషుకీ ఉన్న పోలికా తేలలేదు. నా ఎంపికకు రెండు హద్దులున్నాయి. నాటకానికి బహుస్వరత కుదరదని బఖ్తినే అన్నాడు. నాలుగో అధ్యాయంలో ఆ పదం సడలించి వాడాను, సవరించాల్సిన పేజీలు ఇవిగో. నా వాదన ఆధారపడింది హెటిరోగ్లాసియా మీద. రెండోది, ఇన్ని భాషల్లో ఇంగ్లీషుకే ఆ కాలంలో అంత ధర ఎందుకు పలికిందో బఖ్తిన్ చెప్పడు. దానికి బడుల చరిత్ర, కోర్టుల చరిత్ర కావాలి, రెండో అధ్యాయంలో కొంత ఇచ్చాను. 1897 ఇంగ్లీషు పీఠిక మీద పరిశోధన చేసి ఉంటే నేను భాభాతోనే మొదలుపెట్టేదాన్ని."

మళ్లీ పేర్లు లెక్కపెట్టాం. బఖ్తిన్ మూడుసార్లు, గిరీశం మూడుసార్లు, వెంకమ్మ, అవధానులు, గవరయ్య ఒక్కోసారి. మొదటిరోజు పేజీ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకరు రాసినవని అనిపించవు.

పదోరోజు జవాబును కంఠస్థం చెయ్యవద్దన్నాను. అప్పజెప్పే జవాబు మధ్యలో ఆగితే మళ్లీ అందుకోలేం. ఆరు మెట్లు గుర్తుంటే చాలు: నా ప్రశ్న, ఆ దృశ్యం, భాభా బలం, భాభా వదిలింది, బఖ్తిన్ హద్దు, పీఠిక. పక్క విభాగంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే సహోద్యోగిని పిలిచాను. ఆయన భాభా పక్షం. జవాబు పూర్తికాకుండానే అందుకున్నారు: "గవరయ్య మంత్రాన్నీ గిరీశం ఇంగ్లీషునీ ఒక గాటన కట్టేస్తే, తుపాకీతో వచ్చిన భాషకీ ఊళ్లో పుట్టిన భాషకీ తేడా లేకుండా పోయింది కదమ్మా. వలస పాలన ఎక్కడికి పోయింది?"

ఇదే అన్నిటికంటే బరువైన ప్రశ్న. ఆమె తడబడింది. మొదట బఖ్తిన్‌ని వెనకేసుకు రాబోయి, ఆగి, నాటకం దగ్గరికి వచ్చింది. ఒక గాటన కట్టింది తను కాదనీ, అగ్నిహోత్రావధానులేననీ చెప్పింది. ఇంగ్లీషును అడ్డగోలు మాటలన్న మనిషే, తన దావాల వ్యవహారంలో అది పనికొస్తుందని తెలియగానే గిరీశాన్ని దగ్గరికి తీశాడు. ఆయనకు కావలసింది భాష కాదు, కోర్టులో అది చేసే పని. మంత్రానికి లేనిది, ఇంగ్లీషుకు ఉన్నది ఆ కోర్టు. "అక్కడే తేడా ఉందండి. ఆ తేడా బఖ్తిన్‌తో నాకు కనబడింది, కానీ ఆ కోర్టు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి ఆయన చాలడు" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "ఇది రాశారా గ్రంథంలో?" అని అడిగారు. లేదంది.

ఆ రాత్రి ఆమె సవరణల జాబితాలో ఇంకో వరస చేర్చింది. బఖ్తిన్ కూడా తన గ్రంథాన్ని సమర్థించుకోవలసి వచ్చినవాడే అని అప్పుడు చెప్పాను. 1946 నవంబరులో మాస్కోలో గోర్కీ ప్రపంచ సాహిత్య సంస్థలో రబ్లే మీద రాసిన గ్రంథానికి గంటల తరబడి వాదం జరిగింది. చివరకు డాక్టర్ పట్టా రాలేదు, అంతకు తక్కువదైన కాండిడేట్ పట్టా కొన్నేళ్ల తర్వాత ఇచ్చారు. ఆ గ్రంథం పుస్తకంగా 1965లో వచ్చింది. ఆమె విని, నాలుగో అధ్యాయం పేజీల జాబితాను మళ్లీ ఒకసారి మొదటినుంచి సరిచూసుకుంది.